రేకు మీది చిన్న అక్షరాలు

ఆదివారం పొద్దున్నే అమ్మ నుంచి వాట్సాప్‌లో మూడు ఫొటోలు వచ్చాయి. మొదటిదాంట్లో ట్యూబ్‌లైటు వెలుగు పడి తెల్లగా మెరిసిపోతున్న రేకు తప్ప ఏమీ లేదు. రెండోదాంట్లో బిళ్ళలు కనపడే ప్లాస్టిక్ బుడగల వైపు తీసింది. మూడోది కత్తెరతో కత్తిరించిన ముక్క. దాని మీద ఏదో పేరులో చివరి నాలుగు అక్షరాలు, పక్కన 50 అన్న అంకె. వాటి కింద వాయిస్ మెసేజ్: “నాన్నా, బీపీ బిళ్ళలు అయిపోవచ్చాయి. ఇక్కడ షాపులో ఈ కంపెనీది లేదంట. ఇదే మందు తక్కువ ధరలో వస్తుందని పక్కింటి పిన్ని చెబుతోంది. కాస్త చూసి చెప్పు.”

పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి, పెద్దవాళ్ళు ఊళ్ళో ఉన్న ఇళ్ళల్లో ఇది నెలనెలా జరిగే పనే. ఫొటో చూడాలి, పేరు పట్టుకోవాలి, లోపలున్న మందేదో తెలుసుకోవాలి, అదే మందు చవకగా ఎక్కడ దొరుకుతుందో చెప్పాలి. ఐదు నిమిషాల పనిలాగే కనిపిస్తుంది. నేనూ అలాగే అనుకుని ఒకసారి తప్పు చేయబోయాను. ఆ రోజు నన్ను ఆపింది మా బావ. ఇరవై ఏళ్ళుగా మందుల షాపు నడుపుతున్నాడు. ఈ కథనంలో ఉన్న సంగతుల్లో సగం ఆయన కౌంటర్ దగ్గర నిలబడి నేర్చుకున్నవే.

ముందు ఫొటో సరిగా తీయించాలి. అమ్మకు ఫోన్ చేసి చెప్పాను: “అమ్మా, లైటు కింద వద్దు. కిటికీ దగ్గర మంచం మీద ముదురు రంగు దుప్పటి పరిచి, దాని మీద పెట్టు. రేకు వైపు పైకి ఉండాలి. ఫోన్‌లో ఫ్లాష్ వెయ్యొద్దు. మెరుపు కొడితే షీటును కొంచెం పక్కకు తిప్పు.” అల్యూమినియం రేకు అద్దంలాంటిది. వెలుగు నేరుగా పడితే అక్షరాలు మాయమవుతాయి, పక్కనుంచి పడితే నల్లగా తేలతాయి. రెండో ఫొటోగా షీటు కొసను దగ్గరగా తీయమన్నాను. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, ఎంఆర్‌పీ ఉండేది అక్కడే.

“కొస లేదు నాన్నా, వారానికి సరిపడా కత్తిరించి ఇచ్చాడు” అంది అమ్మ.

మన దగ్గర సగం ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. మందు పేరు, అందులో ఏముందో చెప్పే వాక్యం చాలా స్ట్రిప్పుల మీద రేకు పొడవునా రెండు మూడుసార్లు అచ్చువేసి ఉంటాయి. బ్యాచ్, గడువు, ధర మాత్రం ప్రతి తయారీకీ మారతాయి కాబట్టి సాధారణంగా ఒక కొసనే, ఒక్కసారే ముద్రిస్తారు. ఐదు బిళ్ళలు కత్తిరించి ఇస్తే ఆ కొస షాపులోనే ఉండిపోతుంది. మన చేతికొచ్చిన ముక్క మీద ఒక్కోసారి మందు పేరు కూడా సగమే ఉంటుంది. అలాంటి ముక్క ఫొటో చూసి ఊహించి చెప్పే మాట ప్రమాదం. అమ్మ పాత కవర్లన్నీ వెతికి, పోయిన నెల తాలూకు ఖాళీ షీటు ఒకటి పట్టుకుంది. పూర్తిది. ఆ ఫొటో వచ్చాకే పని మొదలైంది.

ఫొటోను పెద్దది చేసి చూస్తే రెండు పేర్లు కనిపిస్తాయి. ఒకటి కంపెనీ పెట్టుకున్న బ్రాండ్ పేరు, రెండోది మందు అసలు పేరు. డోలో, కాల్పాల్, క్రోసిన్ అన్నవి బ్రాండ్లు. మూడింట్లోనూ జ్వరాన్ని తగ్గించేది పారాసెటమాల్. 2018 నుంచి ఉన్న నిబంధన ప్రకారం అసలు పేరు బ్రాండ్ పేరుకన్నా కనీసం రెండు ఫాంట్ సైజులు పెద్దగా ఉండాలి. మూడూ అంతకన్నా ఎక్కువ మందులు కలిసిన బిళ్ళలకు, విటమిన్ మిశ్రమాలకు ఈ నిబంధన లేదు. బ్రాండును రంగులో, ముద్దక్షరాల్లో వేస్తారు కాబట్టి కన్ను ముందు దానిమీదికే పోతుంది. కాస్త నిదానంగా చూస్తే రెండోది దొరుకుతుంది. దాని చివర తరచూ ఐపీ అని ఉంటుంది. ఇండియన్ ఫార్మకోపియా, అంటే మన దేశపు మందుల ప్రమాణ గ్రంథంలో చెప్పిన నాణ్యతకు సరిపోయేలా తయారుచేశామని కంపెనీ చెప్పే మాట అది.

అమ్మ షీటు మీద అసలు పేరు మెటోప్రొలాల్ సక్సినేట్. గుండె వేగాన్ని, బీపీని తగ్గించే మందు. బ్రాండ్ పేరు పక్కన ఎక్స్‌ఎల్ 50 అని ఉంది. నేను వెంటనే ఇంటి దగ్గర ఉన్న షాపుకెళ్ళి “మెటోప్రొలాల్ 50 చవకది ఉందా?” అని అడిగాను. ఉందని ఒక షీటు చూపించారు. ధర చాలా తక్కువ. ఫొటో తీసి బావకు పంపాను, అమ్మకు ఇదే పంపిస్తానని.

ఆయన వెంటనే ఫోన్ చేశాడు. “ఆగరా. పేరు చూశావు, అంకె చూశావు. కంపోజిషన్ లైను చదివావా?”

కంపోజిషన్ లైను అంటే రేకు మీద అన్నిటికన్నా చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం. ‘ఈచ్ ఫిల్మ్ కోటెడ్ ట్యాబ్లెట్ కంటెయిన్స్’ అని మొదలవుతుంది, అంటే ఒక్కో బిళ్ళలో ఏముందో చెబుతున్నామని. షాపులవాళ్ళు ‘సాల్ట్ ఏంటి’ అని అడిగేది ఈ వాక్యం గురించే. అమ్మ షీటు మీద ఇలా ఉంది: మెటోప్రొలాల్ సక్సినేట్ ఐపీ 47.5 మి.గ్రా., మెటోప్రొలాల్ టార్ట్రేట్ 50 మి.గ్రా.కు సమానం, ఎక్స్‌టెండెడ్ రిలీజ్ రూపంలో. నాకు షాపులో ఇచ్చినదాని మీద ఉన్నది: మెటోప్రొలాల్ టార్ట్రేట్ ఐపీ 50 మి.గ్రా. అంతే.

పైకి రెండూ మెటోప్రొలాల్ 50. కానీ ఒకదాని బదులు ఇంకొకటి వేసుకునే మందులు కావవి.

ముందు ఆ 47.5 సంగతి. మెటోప్రొలాల్ ఒక్కటే విడిగా ఉంటే బిళ్ళగా చేయడానికి అనువుగా ఉండదు. అందుకని ఏదో ఒక ఆమ్లంతో కలిపి లవణంగా మారుస్తారు. సాల్ట్ అన్న మాట పుట్టింది అక్కడే. టార్టారిక్ ఆమ్లంతో కలిస్తే టార్ట్రేట్, సక్సినిక్ ఆమ్లంతో కలిస్తే సక్సినేట్. సక్సినేట్ భాగం బరువు కాస్త తక్కువ. కాబట్టి టార్ట్రేట్ 50 మి.గ్రా.లో ఉన్నంత మెటోప్రొలాలే సక్సినేట్ 47.5 మి.గ్రా.లో ఉంటుంది. బ్రాండ్ పేరు పక్కన 50, కంపోజిషన్ లైనులో 47.5 ఉందని కంగారు పడనక్కర్లేదు. అలాగే 23.75 అని ఉంటే అది 25 బిళ్ళ. అమ్లోడిపిన్ షీటు మీద ‘అమ్లోడిపిన్ బెసిలేట్, అమ్లోడిపిన్ 5 మి.గ్రా.కు సమానం’ అని రాసేదీ ఇందుకే. బెసిలేట్ బరువుతో కలిపితే అది దాదాపు 6.9 మి.గ్రా. అవుతుంది, మనకు కావలసిన అంకె మాత్రం 5. ‘ఈక్వివలెంట్ టు’ అన్న మాట తర్వాత వచ్చే అంకెనే బ్రాండ్ పేరు పక్కన వేస్తారు, డాక్టరు చీటీలో రాసేదీ అదే.

తేడా అంకెలో లేదని తేలింది కదా. మరి ఎక్కడుంది? చివరి మాటలో ఉంది. ఎక్స్‌టెండెడ్ రిలీజ్ అంటే బిళ్ళ లోపల మందును ఒక్కసారిగా కాకుండా రోజంతా కొద్దికొద్దిగా వదిలేలా చేసిన ఏర్పాటు. అందుకే అమ్మ రోజుకు ఒక్కటే వేసుకుంటుంది. మామూలు టార్ట్రేట్ బిళ్ళ తొందరగా కరిగి, తొందరగా పనిచేసి, తొందరగా తగ్గిపోతుంది. దాన్ని సాధారణంగా రోజుకు రెండుసార్లు వేసుకోమంటారు. నేను పంపబోయినది పంపి ఉంటే, అమ్మ అలవాటు ప్రకారం పొద్దున ఒక్కటే వేసుకునేది. పొద్దున నాడి మరీ నెమ్మదించి, రాత్రికి మందు బలం తగ్గి, తెల్లవారుజామున బీపీ పెరిగి ఉండేది. ‘చవక మందు పనిచేయలేదు’ అని మేమంతా ఒక మాట అనుకునేవాళ్ళం. నిజానికి ఆ మందులో ఏ లోపమూ లేదు. అది వేరే మందు.

అందుకని ఒక షీటుకు ఇంకో షీటు సమానమని చెప్పే ముందు నాలుగు సంగతులు కలవాలి: మందు పేరు, దాని పక్కనున్న లవణం పేరు, మోతాదు అంకె, మందు విడుదలయ్యే తీరు. మూడు కలిసి నాలుగోది కలవకపోతే సమానం కాదు. విడుదల తీరును కంపెనీలు ఎక్స్‌టెండెడ్, ప్రొలాంగ్డ్, సస్టెయిన్డ్ అని రకరకాలుగా రాస్తాయి. మూడింటి ఉద్దేశమూ నెమ్మదిగా వదలడమే. డిలేయ్డ్ రిలీజ్, గ్యాస్ట్రో రెసిస్టెంట్ అన్న మాటలు మాత్రం వేరు. బిళ్ళ కడుపులోని ఆమ్లంలో కరగకుండా పేగులోకి వెళ్ళాక తెరుచుకుంటుందని వాటి అర్థం. గ్యాస్‌కు వాడే పాంటోప్రజోల్ షీటు మీద ఆ మాట చూడొచ్చు. ఇలాంటి బిళ్ళలు వేటినీ నూరి మింగకూడదు. నూరితే ఆ ఏర్పాటంతా పోతుంది.

బ్రాండ్ పేరు తోక మీద ఉండే అక్షరాలను నమ్ముకుని కంపోజిషన్ లైను చదవనివాళ్ళను చాలామందిని చూశాను. బీపీ మందుల్లో ఏఎం అని ఉంటే చాలాసార్లు అమ్లోడిపిన్ కలిసిందని, హెచ్ ఉంటే హైడ్రోక్లోరోథయాజైడ్ అనే నీళ్ళ బిళ్ళ కలిసిందని అర్థం. షుగర్ మందుల్లో ఎం అంటే మెట్‌ఫార్మిన్. అదే ఎం అలర్జీ మందు మీద ఉంటే మాంటెలుకాస్ట్. ఈ అక్షరాలకు చట్టంలో ఏ నిర్వచనమూ లేదు, కంపెనీ ఇష్టం. ఒకే బ్రాండ్ పేరు మీద తోకలు మార్చి పది రకాల బిళ్ళలు అమ్ముతారు. తోక కత్తిరింపులో పోయిందంటే ఒక మందు కావలసిన మనిషికి రెండు మందుల బిళ్ళ చేరుతుంది.

పేరు ముందు వచ్చే ఒక్క అక్షరం ఇంకా కీలకం. అమ్లోడిపిన్ ఉంది, ఎస్ అమ్లోడిపిన్ ఉంది. అమ్లోడిపిన్ అణువు కుడి చెయ్యీ ఎడమ చెయ్యీలా రెండు రూపాల్లో ఉంటుంది. బీపీ మీద పనిచేసేది ఎస్ రూపమే. దాన్ని ఒక్కదాన్నే వేరుచేసి అమ్మితే అది ఎస్ అమ్లోడిపిన్, దాని 2.5 మి.గ్రా. మామూలు అమ్లోడిపిన్ 5 మి.గ్రా.కు సమానంగా వాడతారు. ఎస్ చూడకుండా అంకె ఒక్కటీ చూసి 2.5 బదులు 2.5 తెస్తే మందు సగానికి పడిపోతుంది. ఎస్ మెటోప్రొలాల్ కూడా బజారులో ఉంది, దాని లెక్కా ఇలాగే ఉంటుంది. తుమ్ములకు వాడే సెటిరిజిన్ 10, లెవోసెటిరిజిన్ 5 విషయమూ ఇదే. ఆ ‘లెవో’ అన్న మాటను మింగేస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పుడు ఫోన్లలో ఫొటో మీది అక్షరాలను కాపీ చేసే సౌకర్యం ఉంది. ఇంగ్లిష్ పేర్లు తప్పుల్లేకుండా టైపు చేయలేనివాళ్ళకు అది బాగా పనికొస్తుంది, నేనూ వాడతాను. అయితే రేకు ముడతల మీద చుక్క కనపడదు. 47.5 కాస్తా 475 అవుతుంది, 2.5 కాస్తా 25 అవుతుంది. ఎంసీజీ అన్నది ఎంజీగా మారితే తేడా వెయ్యి రెట్లు. అందుకే కాపీ అయిన పేరును వాడుకున్నా, అంకెను మాత్రం ఫొటోను పెద్దది చేసి కంటితో చూసి సరిచూసుకుంటాను. అనుమానం ఉంటే అమ్మతో చదివిస్తాను.

నాలుగు సంగతులూ కాగితం మీద రాసుకున్నాక వెతకడం తేలిక. కేంద్ర ప్రభుత్వ మందుల ధరల సంస్థ, ఎన్‌పీపీఏ, ఫార్మా సహీ దామ్ అనే యాప్ నడుపుతోంది. అందులో బ్రాండ్ పేరు కొడితే అదే కంపోజిషన్‌తో ఉన్న ఇతర బ్రాండ్లు, వాటి ధరలు చూడొచ్చు. జనౌషధి కేంద్రాల కోసం జనౌషధి సుగమ్ అనే యాప్ ఉంది. అందులో బ్రాండ్ పేరు పనికిరాదు, అసలు పేరే కొట్టాలి. మందు ఉందా, ధర ఎంత, దగ్గర్లో కేంద్రం ఎక్కడుందన్నది చెబుతుంది. 2008లో మొదలైన జనౌషధి కేంద్రాలు 2025 నాటికి దేశంలో 15 వేలు దాటాయి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. మెటోప్రొలాల్ అని కొడితే ఒకే వరస రాదు. 25 ఒకటి, 50 ఒకటి, ఇంకో బీపీ మందుతో కలిపినవి కొన్ని కనిపిస్తాయి. రాసుకున్న కాగితం పక్కన పెట్టుకుని నాలుగూ కలిసే వరసను ఎంచుకోవాలి.

ధర పోల్చేటప్పుడు షీటు ధర చూస్తే మోసపోతాం. ఒక కంపెనీ షీటులో 10 బిళ్ళలు వేస్తే ఇంకో కంపెనీ 15, మరొకటి 20 వేస్తుంది. లెక్క కోసం అనుకుందాం: ఒక షీటు 90 రూపాయలు, అందులో 10 బిళ్ళలు. ఇంకోటి 150 రూపాయలు, అందులో 20. కౌంటర్ మీద 90 తక్కువగా కనిపిస్తుంది. బిళ్ళ లెక్కన మొదటిది 9 రూపాయలు, రెండోది ఏడున్నర. నెలకు ముప్పై బిళ్ళలకు 45 రూపాయల తేడా. అమ్మ వాడేది మూడు రకాలు. ఏడాది లెక్క వేసి చూస్తే అది చిన్న మొత్తం కాదు.

“జెనరిక్ ఇమ్మని అడిగాను, ఇచ్చాడు, అయినా ధర తగ్గలేదు” అనే మాట చాలామంది నోట వింటాం. దీని వెనక సంగతి బావ వివరంగా చెప్పాడు. మన దేశంలో పేటెంటు గడువు తీరిన మందును ఎవరైనా అనుమతి తీసుకుని చేయొచ్చు. అలా చూస్తే మనం వాడే పెద్ద బ్రాండ్లలో చాలావరకు జెనరిక్కులే, పేరు పెట్టుకున్నవి. వాటిని డాక్టర్ల దగ్గరకు మనుషుల్ని పంపి ప్రచారం చేసుకుని అమ్ముతారు. ఆ ఖర్చు ధరలో ఉంటుంది. అవే కంపెనీల్లో కొన్ని, అదే మందును ఇంకో పేరుతో, ప్రచారం లేకుండా నేరుగా షాపులకు తక్కువకు ఇస్తాయి. వ్యాపారులు వీటినే ట్రేడ్ జెనరిక్కులంటారు. షాపుకు వచ్చే ధర చాలా తక్కువ, షీటు మీద అచ్చయిన ఎంఆర్‌పీ మాత్రం ఒక్కోసారి బ్రాండుకు దగ్గర్లోనే ఉంటుంది. మధ్యలోని తేడాలో కొనేవాడికి ఎంత వదలాలన్నది షాపువాళ్ళ చేతిలో ఉంటుంది. కొందరు సగానికి పైగా తగ్గిస్తారు, కొందరు పైసా తగ్గించరు. కాబట్టి గుమ్మం మీద రాసిన డిస్కౌంటు శాతాన్ని కాదు, మన జేబులోంచి ఒక్కో బిళ్ళకు ఎంత పోతోందన్నది చూడాలి. జనౌషధి షీటు మీద మాత్రం తక్కువ ధరే ఎంఆర్‌పీగా అచ్చయి ఉంటుంది, బేరం అక్కర్లేదు.

చవకది నాసిరకమా అన్న భయం సహజం. దానికి ‘కాదు’ అని ఒక్క మాటలో చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. నీళ్ళలో సరిగా కరగని మందుల విషయంలో ఏ కంపెనీ కొత్తగా జెనరిక్ తయారీకి అనుమతి అడిగినా, అది అసలు మందులాగే రక్తంలోకి చేరుతోందని మనుషుల మీద పరీక్షించి చూపాలన్న నిబంధన 2017లో వచ్చింది. అంతకుముందే అనుమతులు పొందిన మందులు చాలా బజారులో ఉన్నాయి. ఇంకోపక్క కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ ప్రమాణాలకు తగని మందుల జాబితాను నెలనెలా ప్రకటిస్తుంది. అందులో చిన్న కంపెనీల పేర్లూ ఉంటాయి, పెద్దవాటి పేర్లూ ఉంటాయి. ఆ జాబితా మందు పేరుతో ఆగదు, బ్యాచ్ నంబరుతో సహా ఉంటుంది. మన దగ్గర షీటు కొస ఉంటే ఆ నంబరుతో పోల్చుకోవచ్చు. కొస లేకపోతే ఆ దారీ మూసుకుపోయినట్టే.

నాలుగు సంగతులూ సరిగ్గా కలిసినా సొంతంగా మార్చకూడని మందులు కొన్ని ఉన్నాయి. మోతాదు కొద్దిగా అటూ ఇటూ అయినా ఒంట్లో తేడా తెలిసిపోయేవి అవి. మన ఇళ్ళల్లో ఎక్కువగా కనిపించేది థైరాయిడ్ బిళ్ళ, లెవోథైరాక్సిన్. దాని మోతాదు మి.గ్రా.ల్లో ఉండదు, మైక్రోగ్రాముల్లో ఉంటుంది. 75, 88, 100 అని మెట్లు మెట్లుగా ఇస్తారంటేనే ఎంత సున్నితమో తెలుస్తోంది. కంపెనీ మారిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత టీఎస్‌హెచ్ పరీక్ష మళ్ళీ చేయించుకోవాలి. నెలకో కంపెనీది తెచ్చుకుంటే ఏ పరీక్ష ఏ బిళ్ళకు వచ్చిందో డాక్టరుకే అర్థం కాదు. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్, కార్బమజెపిన్, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు వాడే టాక్రోలిమస్ కూడా ఈ కోవలోవే. వీటిలో చవకది వాడకూడదని కాదు. ఏ కంపెనీదైతే మొదలుపెట్టారో దానిమీదే ఉండాలి, మార్చాలంటే డాక్టరుకు తెలిసి మార్చాలి. అమ్మ మూడు షీట్లలో ఒకటి థైరాయిడ్‌ది. దాని జోలికి నేను పోలేదు.

ఇంకో సంగతి చట్టానిది. డాక్టరు చీటీ మీద అమ్మే మందుల్లో, చీటీలో బ్రాండ్ పేరుంటే దాని బదులు షాపతను తనంతట తాను ఇంకోటి ఇవ్వడానికి మన ఔషధ నిబంధనలు ఒప్పుకోవు, లోపల ఉన్న మందు అదే అయినా సరే. బయట జరిగేది వేరే కావచ్చు. కానీ సరైన దారి డాక్టరు చేత అసలు పేరు రాయించుకోవడమే. డాక్టర్లు మందుల అసలు పేర్లను స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని వైద్య మండలి 2016లోనే నియమం పెట్టింది. అమ్మను చూసే డాక్టరుగారికి నేను రాసుకున్న కాగితం చూపించాను. “ఇదే మందు చవకగా దొరుకుతోందండీ, రాసిస్తారా?” అని అడిగాను. ఆయన చూసి, విడుదల తీరు కూడా రాసుకొచ్చానని మెచ్చుకుని, మెటోప్రొలాల్ సక్సినేట్ ఈఆర్ 50, రోజుకు ఒకటి అని రాసిచ్చారు. థైరాయిడ్‌ది మాత్రం ఉన్నదే వాడమన్నారు. అడగడానికి మొహమాటపడాల్సిన పని కాదిది.

కొత్త మందు ఇంటికి చేరాక జరిగే పొరపాటు ఒకటుంది. దాన్ని మా పెదనాన్న విషయంలో కళ్ళారా చూశాను. ఆయనకు బిళ్ళల పేర్లు తెలియవు. పొద్దున తెల్ల బిళ్ళ, రాత్రి గులాబీ బిళ్ళ, అంతే. బీపీ మందు చవకదానికి మార్చినప్పుడు కొత్త బిళ్ళ రంగు వేరుగా ఉంది. పాత షీటులో ఇంకో పన్నెండు మిగిలాయి. కొత్తది ఇంకో మందు అనుకుని రెండూ వేసుకోవడం మొదలుపెట్టాడు. నాలుగో రోజుకు మంచం దిగగానే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. డాక్టరు నాడి చూస్తే 48. మందుల డబ్బా తెరిచి రెండు షీట్లనూ పక్కపక్కన పెట్టి కంపోజిషన్ లైన్లు చదివితే ఒక్క మాట తేడా లేదు. ఒకే మందు రెండింతలు పడుతోంది. మందు ఆపితే తగ్గిపోయింది కానీ, ఆయన అప్పటికే ఒకసారి పడి ఉంటే తుంటి విరిగేది.

అందుకే అమ్మకు కొత్త షీట్లు పంపినప్పుడు ముందు పాతవి అయిపోయాకే తెరవమన్నాను. ప్రతి షీటు మీద నల్ల మార్కరుతో తెలుగులో రాశాను: ‘పొద్దున బీపీ బిళ్ళ. పాతదాని బదులు ఇది.’ రేకు మీది అక్షరాలు కప్పకుండా ప్లాస్టిక్ వైపు అంచున రాశాను. మొదటి రెండు వారాలు రోజూ పొద్దున బీపీ, నాడి చూసి డైరీలో వేయమన్నాను. పాత బిళ్ళతో ఎలా ఉన్నాయో, కొత్తదానితోనూ అలాగే ఉన్నాయి. ఆ డైరీ తీసుకుని డాక్టరుగారి దగ్గరకు వెళ్తే “ఇదే కొనసాగించండి” అన్నారు.

ఇప్పుడు అమ్మ పంపే ఫొటోలు బాగుంటున్నాయి. ముదురు నీలం దుప్పటి మీద, కిటికీ వెలుగులో, ముందొకటి, కొస దగ్గర ఒకటి. పోయిన నెల పక్కింటి పిన్ని షుగర్ బిళ్ళల షీటు కూడా తనే ఫొటో తీసి పంపింది. కింద మెసేజ్: “గ్లిమెపిరైడ్ 2, మెట్‌ఫార్మిన్ 500 అని ఉంది. ఎస్‌ఆర్ అని కూడా ఉంది నాన్నా, అది చూడు.”

మీ ఇంట్లో నెలనెలా వాడే మందులుంటే, ఈ ఆదివారం ఒక్కో షీటు రేకు వైపు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. కొనేటప్పుడు ముక్కలు కత్తిరించి ఇవ్వొద్దని, పూర్తి షీటే కావాలని అడగండి. బిళ్ళలు తీసేటప్పుడు బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉన్న కొసను చివరిదాకా ఉంచి, రెండో కొస నుంచి మొదలుపెట్టండి.